ఫీల్డ్ నోట్స్, మూడో నోట్‌బుక్: బోరు పాయింట్, నార్పల మండలం

(ఈ నోట్‌బుక్ కుడి పేజీలో చూసింది, విన్నది మాత్రమే. ఎడమ పేజీలో దానికి నేను ఇచ్చుకుంటున్న అర్థం, పెన్సిల్‌తో. రేపు మారొచ్చు కాబట్టి. నా సొంత గొడవ చివరి పేజీ నుంచి వెనక్కి రాస్తాను. ఎక్కించేటప్పుడు మూడూ పక్కపక్కన పెట్టాను, కలపలేదు. కొటేషన్ గుర్తుల్లో ఉన్నది ఆ మనిషి అన్న మాట అన్నట్టే. గుర్తులు లేకపోతే నేను కుదించింది. పేర్లన్నీ మార్చాను, ఊరి పేరు రాయలేదు.)

14 మే 2025, బుధవారం. ఓబులేసు చీనీ తోట. ఉదయం 6:40 నుంచి 8:15
(తోటలో గీసుకున్న ముక్కలు: రెండు పేజీలు. ఎక్కించింది అదే రోజు మధ్యాహ్నం, రూములో.)

చూసింది

నేను వెళ్లేసరికి ఐదుగురు ఉన్నారు: ఓబులేసు, భార్య లక్ష్మక్క, కొడుకు, ఓబులేసు తమ్ముడు, బోరు ఎక్కడ వేస్తే నీళ్లు పడతాయో టెంకాయతో పాయింట్ పెట్టే నాగన్న. దారి పక్క వరుసలో 22 చెట్లు. ఆకు ముడుచుకున్నవి 15. మూడు చెట్ల కింద రాలిన పిందెలు. పాత బోర్లు రెండు, ఒకదాని మూతి మీద బండ, రెండోదాని మీద బోర్లించిన ప్లాస్టిక్ బకెట్.

నాగన్న చెప్పులు గట్టు మీద విడిచాడు. పీచు తీసి పిలక ఉంచిన టెంకాయను కుడి అరచేతిలో అడ్డంగా పెట్టుకున్నాడు. ఎడమ చెయ్యి వీపు వెనక. ఉత్తరం గట్టు నుంచి దక్షిణానికి నడిచాడు, రెండు చెట్ల దూరం జరిగి వెనక్కి వచ్చాడు. ఎవరూ మాట్లాడలేదు. మూడోసారి వేపచెట్టుకు పది అడుగులు ఇవతల ఆగాడు. టెంకాయ

(ఇక్కడ గీసుకున్న ముక్కలో "లేపాడు" అని ఉంది. ఎక్కించేటప్పుడు చూసి ఆగిపోయాను. ఓబులేసు తమ్ముడు అన్నది "లేసింది". నేను చూసిందేమిటి?)

టెంకాయ పిలక పైకి వచ్చేలా నిలబడింది. వేళ్లు కదలడం నాకు కనబడలేదు. నేను ఆయనకు ఎడమ వైపు, సుమారు ఐదు గజాల దూరంలో ఉన్నాను, అరచెయ్యి సగమే కనబడుతుంది. ఓబులేసు తమ్ముడు: "సూడు, లేసింది." నాగన్న రెండడుగులు వెనక్కి వేశాడు, టెంకాయ పడుకుంది. మళ్లీ ముందుకు, మళ్లీ నిలబడింది. కాలి మడమతో గుర్తు పెట్టాడు. కొడుకు అక్కడ రాయి పెట్టాడు. లక్ష్మక్క రాయికి పసుపు పూసి నిమ్మకాయ పెట్టింది.

నాగన్న: "మున్నూరులో ఒకటి, ఐదునూర్లలో ఒకటి. రెండు గ్యాపులుండాయి. ఐదునూర్లు దాటొద్దు."

లక్ష్మక్క ఆకువక్కలో 1500 రూపాయలు పెట్టి ఇచ్చింది. ఆయన లెక్కపెట్టలేదు, జేబులో పెట్టుకున్నాడు. ఇచ్చేటప్పుడు ఆమె నా వైపు చూసింది. అడగకుండానే చెప్పింది: "పోయినసారి మిషన్ పెట్టి సూసే సారునే పిలిస్తిమి పాపా. కడ్డీలు నాటి, వైర్లు గుంజి సూసినాడు. ఆ బోరే అది." బకెట్ బోర్లించిన బోరు చూపించింది. "ఈ తూరి ఈయన్ని పిలిస్తిమి. యా దేవుడు చెప్పినా నీళ్లే గదా కావాల్సింది."

అర్థం (పెన్సిల్)

"మూఢనమ్మకం వర్సెస్ సైన్స్" అని పెట్టుకున్న అధ్యాయం పేరు ఇక్కడ నిలబడదు. వీళ్లు సర్వే చేసే ఆయన్నీ పిలిచారు, టెంకాయ ఆయన్నీ పిలిచారు. ఒకదాన్ని నమ్మి ఇంకోదాన్ని కాదనలేదు. ఇక్కడ కింద ఉన్నది గట్టి రాయి. నీళ్లు రాతి నెర్రెల్లోనే ఉంటాయి, నాగన్న గ్యాపులన్నది వాటినే. నెర్రె తగిలితే బోరు, పక్కన పది అడుగుల్లో తగలకపోతే దుమ్ము. అంత అనిశ్చితిలో ఎక్కడ తవ్వాలో ఒకరు చెప్పాలి, ఆ ఒకరు ఇంటివాడు కాకూడదు. బోరు పడకపోతే తప్పు పాయింట్ పెట్టినాయన మీదకి పోతుంది, భార్యాభర్తల మధ్యకి రాదు. 1500 అందుకేనేమో.

దీనికి ఆధారం: లక్ష్మక్క పోయిన బోరును "ఆ సారు బోరు" అని రెండుసార్లు అంది. "మా బోరు" అనలేదు. ఎదురు ఆధారం: ఓబులేసు అలా ఒక్కసారీ అనలేదు, అసలు మాట్లాడిందే తక్కువ. ఒక్క ఇంటిని చూసి చెబుతున్నాను. ఇంకో నాలుగిళ్లలో "ఎవరి బోరు" అని అడిగి చూడాలి.

లేచింది / లేపాడు: తెలుగులో క్రియ దగ్గరే తేలిపోతోంది. "లేచింది" అంటే నేను వాళ్లతో చేరాను. "లేపాడు" అంటే ఆయన్ని దొంగను చేశాను. "నిలబడింది" కూడా పూర్తిగా తప్పించుకున్న మాట కాదు, కానీ ఐదు గజాల నుంచి చూసినదానికి దగ్గర. పోయిన నోట్‌బుక్‌లో "దిగులుగా కూర్చున్నాడు" అని రాస్తే గైడ్ మేడం పక్కన ఎర్ర ఇంకుతో "దిగులు ఎక్కడ కనబడింది? చేతుల్లోనా, కళ్లలోనా?" అని రాశారు. అప్పుడు ఒళ్లు మండింది. ఈ రోజు ఆ ప్రశ్న నాకు నేనే వేసుకున్నాను.

నాకు (చివరి పేజీ)

"లేపాడు" అని ఎందుకు రాశానో నాకు తెలుసు. లింగాలలో మా నాన్న మూడు బోర్లు వేయించాడు. మూడిటికీ టెంకాయ ఆయనే. మూడోది ఏడువందల అడుగులు పోయింది, దుమ్ము తప్ప ఏమీ రాలేదు. ఆ ఏడాదే చీనీ చెట్లు కొట్టేశాం. కట్టెలు అమ్మితే వచ్చిన డబ్బు నా ఇంటర్ ఫీజుకు సరిపోయింది. నాగన్న చెప్పులు విడిచినప్పుడే నాకు ఆయన మీద కోపం వచ్చింది, ఇంకా ఏమీ చేయకముందే. ఆయన నాకేం చేశాడు? ఏమీ లేదు.

మానవశాస్త్రవేత్త మలినౌస్కీ ఫీల్డ్‌వర్క్‌లో రాసుకున్న సొంత డైరీ ఆయన పోయాక, 1967లో అచ్చయింది. దాని నిండా విసుగు, తాను పరిశోధించిన ద్వీపాల మనుషుల మీద చిరాకు. ఆ గొడవ వేరే పుస్తకంలో పెట్టుకున్నంత మాత్రాన ఫీల్డ్ నోట్స్‌లోకి కారలేదని చెప్పలేం. నాది ఒక్క క్రియలో కారింది. కొట్టేసినది చెరపకుండా గీత కిందే ఉంచుతున్నాను.

16 మే 2025, శుక్రవారం. అదే తోట. మధ్యాహ్నం 2:20 నుంచి రాత్రి 8:50

చూసింది

బోరు బండ్లు రెండు: ఒకటి తవ్వేది, ఒకటి కంప్రెసర్‌ది. తమిళనాడు నెంబరు ప్లేట్లు. పనివాళ్లు ఏడుగురు, వాళ్లలో వాళ్లు తమిళం, ఓబులేసుతో తెలుగు. నాగన్న రాలేదు. రేటు మాట్లాడింది కొడుకు. నాకు వినబడినంత వరకు మూడువందల అడుగుల దాకా ఒక రేటు, ఆ పైన వంద వందకు పెరుగుతుంది, కేసింగ్ వేరే.

ఒక్కో రాడ్డు 20 అడుగులు. కొడుకు బండి రేకు మీద చాక్‌పీస్‌తో రాడ్డుకో గీత గీస్తున్నాడు. నేనూ నా పేజీలో గీసుకున్నాను. మొదట ఎర్ర మట్టి, తర్వాత తెల్లగా సుద్ద లాంటిది, 40 అడుగుల దగ్గర కేసింగ్ దించారు. ఆ తర్వాత బూడిద రంగు రాతి దుమ్ము. గాలికి తూర్పు వైపు వరుస మొత్తం తెల్లబడింది. లక్ష్మక్క కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని బండికి దూరంగా, వేపచెట్టు మొదట్లో కూర్చుంది. ఓబులేసు నిలబడే ఉన్నాడు. అప్పుడప్పుడు వంగి దుమ్ము చేతిలోకి తీసుకుని పిసికి చూస్తున్నాడు. నేను లెక్కపెట్టినంతలో పదకొండు సార్లు.

5:10. 14 గీతలు. దుమ్ము పొడిగానే ఉంది.

5:10 నుంచి 5:35 వరకు నోట్ లేదు. నేను అక్కడ లేను, తోట అవతలి గట్టు దగ్గర ఉన్నాను.

విన్నది (లక్ష్మక్క, 5:40కి): "నువ్వు అట్ల పోతివి, తడి వచ్చె. దుమ్ము ఆగిపాయె. మా ఆయప్ప అట్లనే కూకున్యాడు నేల మీద." నేను తిరిగి వచ్చేసరికి దుమ్ము లేదు, బురదనీళ్లు చిమ్ముతున్నాయి. 16 గీతలు. ఓబులేసు లేచి నిలబడి ఉన్నాడు, పంచె వెనక మట్టి.

7:30. 25 గీతలు. అంటే ఐదువందలు. ఓబులేసు: "ఇంగ సాలు." కొడుకు: "ఇంగో వంద పోనీ నాయనా, రెండో గ్యాపు తగల్లేదు." తమ్ముడు ఏమీ అనలేదు. డ్రైవరు ఇంజన్ తగ్గించి ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఓబులేసు కాసేపటికి వేపచెట్టు వైపు చూశాడు. లక్ష్మక్క చేత్తో ఏదో సైగ చేసింది. చీకటిలో నాకు స్పష్టంగా కనబడలేదు. కొడుకు చేయి ఊపాడు, బండి మళ్లీ మొదలైంది.

8:35. 31 గీతల దగ్గర ఆపారు. బోరు మూతి నుంచి వస్తున్న నీళ్లను డ్రైవరు టార్చి లైటుతో చూశాడు. "ఇంచుకు పైనే ఉంది సార్." కొడుకు: "ముక్కాలు గూడా లేదు." తమ్ముడు: "మోటరు దించితే తెలుస్తాది." ఓబులేసు నీళ్లలో కాలు పెట్టి నిలబడ్డాడు.

అర్థం (పెన్సిల్)

ఒకే నీటికి మూడు లెక్కలు. ఎవరూ కొలవలేదు. డ్రైవరుకు డబ్బు తీసుకుని వెళ్లాలి. కొడుకు ఇంకో వంద అడుగులు వేయించినవాడు, తక్కువ అనడం అతనికే నష్టం, అయినా తక్కువే అన్నాడు. ఇది నాకు అర్థం కాలేదు. అప్పు కొడుకు పేరు మీద ఉందా? అడగాలి.

బుధవారం నేను రాసిన "తప్పు బయటివాడి మీదకి పోతుంది" అన్నది సగమే. ఐదువందల దగ్గర ఆపమన్నది నాగన్న మాట. దాన్ని దాటించింది కొడుకు. 620 అడుగుల బోరు ఇప్పుడు ఎవరి బోరు?

నాకు (చివరి పేజీ)

ఆ ఇరవై అయిదు నిమిషాలు. దుమ్ము వాసన. మా నాన్న మూడో బోరు రోజు అమ్మ నన్ను ఇంట్లో ఉండమంది, నేను వినకుండా పోయాను, ఇదే వాసన. గట్టు దగ్గరకి పోయి ఏడవలేదు, ఊరికే నిలబడ్డాను. నీళ్లు పడకూడదని కూడా ఒక క్షణం అనుకున్నాను. పడకపోతే నాగన్న విషయంలో నేను అనుకున్నదే కరెక్ట్ అవుతుంది కదా. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది. అంతలోనే నీళ్లు పడ్డాయి. రెండు నెలల ఫీల్డ్‌వర్క్‌లో చూడాల్సిన ఒక్క క్షణాన్ని నేను చూడలేదు, ఓబులేసు నేల మీద కూర్చోవడం. అది విన్నదిగానే ఉంటుంది. దాన్ని చూసిందాని కిందికి మార్చబుద్ధయింది, ఎవరికీ తెలియదు కూడా. మార్చలేదు.

చూసింది (ఆఖరిది, 8:50)

వచ్చేస్తుంటే ఓబులేసు నా నోట్‌బుక్ వైపు చేయి చూపించాడు. "ఏం రాసుకున్యావు పాపా, ఇంచా, ముక్కాలా?"

ముగ్గురి మాటలూ రాశానని చెప్పాను. పేజీ చూపించాను. టార్చి వెలుతురులో కాసేపు చూశాడు. ఆయన చదువుతాడో లేదో నాకు తెలియదు.

"ఇంచు అని రాయి."

కొటేషన్ గుర్తులు పెట్టి రాశాను.