గురుగ్రహం పక్కన చుక్కలు: పిన్ చేసిన కామెంట్, దాని కింద మొదటి రిప్లై

పిన్ చేసిన కామెంట్

వీడియో చివరిదాకా చూసినవాళ్ళందరికీ థాంక్స్. ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. బైనాక్యులర్‌లో గురుగ్రహం పక్కన కనిపించే చుక్కలు దాని నాలుగు పెద్ద ఉపగ్రహాలు కదా, వాటిలో కలిస్టో గ్రహం చుట్టూ ఒకసారి తిరిగిరావడానికి వారం పడుతుందని 6:40 దగ్గర చెప్పేశా. వారం పట్టేది గనిమీడ్‌కి, కలిస్టోకి కాదు. ఎడిటింగ్‌లో అదే ముక్క మూడుసార్లు విన్నా నాకు తట్టలేదు, అప్‌లోడ్ అయ్యాక నా నోట్‌బుక్ తిరగేస్తుంటే దొరికింది, ఎలా దొరికిందో కింద రిప్లైలో రాశా. సరైన లెక్క ఇది: అయోకి 1 రోజు 18 గంటలు, యూరోపాకి 3 రోజుల 13 గంటలు, గనిమీడ్‌కి 7 రోజుల 4 గంటలు, కలిస్టోకి 16 రోజుల 17 గంటలు. మొదటి మూడూ చూడండి, ఒకదానికి ఇంకోటి దాదాపు రెట్టింపు, అయో నాలుగు చుట్లు తిరిగేలోపు యూరోపా రెండు, గనిమీడ్ ఒకటి. కలిస్టో మాత్రం ఆ లెక్కలో లేదు, దాని దారి దానిదే.

ఇప్పుడు మీతో పని. మబ్బు లేని రాత్రి బైనాక్యులర్ పట్టుకుని బయటికెళ్ళండి, ఏది ఎక్కడుందో చూపించే ఆకాశం యాప్ ఏదీ తెరవకముందు గురుగ్రహం పక్కన ఎన్ని చుక్కలున్నాయో, ఏ పక్క ఎన్ని ఉన్నాయో ఇక్కడ టైప్ చేయండి. బొమ్మ గీసి ఫొటో పెట్టక్కర్లేదు, కీబోర్డ్ మీద ఉన్నవే చాలు, గ్రహానికి `O`, చుక్కకి `*`, దూరానికి స్పేస్. దాంతోపాటు టైమ్, ఏ బైనాక్యులర్ అన్నది రాయండి. టెలిస్కోప్‌తో చూస్తే అది కూడా చెప్పండి, ఎందుకంటే చాలా టెలిస్కోప్‌లలో బొమ్మ తలకిందులుగానో కుడిఎడమలు మారిపోయో కనిపిస్తుంది, బైనాక్యులర్‌లో ఆ గొడవ లేదు.

ఈ పద్ధతి నేను కనిపెట్టింది కాదు. 1610 జనవరి 7న గెలీలియో చూసింది ఇదిగో, ఎడమ పక్క తూర్పు:

```
*  *  O  *
```

మర్నాడు 8న చూస్తే మూడూ పడమటికి చేరాయి:

```
O  *  *  *
```

ఆయన వాటిని మామూలు నక్షత్రాలే అనుకున్నాడు, అందుకే గ్రహమే పంచాంగం చెప్పినదానికి ఎదురు దిక్కులో కదిలిందేమో అని అనుమానపడ్డాడు. 9న మబ్బు. 10న మళ్ళీ చూస్తే రెండే ఉన్నాయి, అవీ తూర్పున. కదులుతున్నవి చుక్కలేనని అప్పుడు అర్థమైంది, నాలుగోది 13న గానీ కనిపించలేదు. నాకు ఇందులో బాగా నచ్చేది ఆ 8వ తారీఖు. తప్పుగా అర్థం చేసుకున్నాడు, కానీ కాగితం మీద ఉన్నది ఉన్నట్టు పెట్టాడు కాబట్టే రెండ్రోజుల్లో ఆ కాగితమే ఆయన్ని సరిదిద్దింది. యాప్ చూసి తర్వాత గీస్తే మనకి ఆ అవకాశమే ఉండదు, యాప్ నాలుగు చూపించిందంటే కన్ను కూడా నాలుగూ ఉన్నాయనే అంటుంది. అందుకే యాప్ తర్వాత, కాగితం ముందు.

దీనికి ఒప్పుకోనివాళ్ళు కూడా రాయండి, నిజంగా వినాలనుంది. ఏది ఎక్కడుందో ముందే తెలిస్తేనే కొత్తవాళ్ళకి ధైర్యంగా ఉంటుంది కదా అని షూటింగ్‌లో సాయం చేసిన మా తమ్ముడు గట్టిగా వాదించాడు, వాడి మాటలోనూ కొంత న్యాయం ఉంది.

ఇంకో మాట, 10x50 బైనాక్యులర్ ఉన్నా చుక్కలు కనిపించట్లేదు అంటే తొంభై పాళ్ళు చెయ్యి ఊగడమే. గోడకి ఆనుకుని మోచేతులు ఏదైనా గట్టు మీద ఆనించండి, లేదా పొడవాటి కర్ర నేలకి నిలబెట్టి దాని చివర బైనాక్యులర్ ఆనించండి, ముందు ఒక మామూలు నక్షత్రం సన్నటి చుక్కలా అయ్యేదాకా ఫోకస్ తిప్పి అప్పుడు గ్రహం మీదికి రండి (వీడియోలో 3:15 దగ్గర చూపించా). పగలు ప్రాక్టీస్ చేసేవాళ్ళు పొరపాటున కూడా సూర్యుడి వైపు తిప్పొద్దు, పిల్లల చేతికి ఇస్తే పక్కనే ఉండండి.

మొదటి రిప్లై (ఛానల్ నుంచే)

మిమ్మల్ని రాయమని నేను ఊరుకుంటే బాగోదు కదా, నావే ముందు పెడుతున్నా. 10x50, ట్రైపాడ్ మీద, వరసగా నాలుగు రాత్రులు, రోజూ తొమ్మిదింటికే. నోట్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు:

```
1        *  *   O      *
2     *       * O     *
3  *            O  * *
4  *      *  *  O
```

రెండో రాత్రి గ్రహానికి దగ్గరున్న ఆ ఎడమ చుక్క మిగతావాటికన్నా కొంచెం లావుగా అనిపించింది, పక్కన "రెండా?" అని రాసుకున్నా. అది చెయ్యి ఊగడం కాదు, ట్రైపాడ్ మీదే ఉంది. గెలీలియోకి మొదటి రాత్రి నాలుగుకి బదులు మూడే కనిపించడానికి కూడా ఒక కారణం ఇదే, అయో యూరోపా రెండూ దగ్గరగా వచ్చి ఒక్కటే చుక్కలా కనిపించాయి. కాబట్టి మీకు మూడే కనిపిస్తే మీ బైనాక్యులర్ పనికిరాదని అనుకోకండి, ఒకటి గ్రహం వెనక ఉండొచ్చు, ముందు ఉండొచ్చు, వెలుగులో కలిసిపోయి ఉండొచ్చు. అసలు ఈ నాలుగింటి వెలుగు తక్కువేం కాదు, గ్రహం పక్కన లేకపోతే బాగా చీకటి ఆకాశంలో మామూలు కంటికే ఆనేంత ఉంది. గ్రహం వెలుగే వాటిని మింగేస్తుంది.

ఇక నా తప్పు ఎలా దొరికిందంటే, ఎడమ చివర చుక్క చూడండి. నాలుగు రాత్రులూ అదే పక్క ఉంది, మొదట నెమ్మదిగా దూరం జరిగింది, మూడో రాత్రికీ నాలుగో రాత్రికీ మధ్య ఆగిపోయినట్టే ఉంది. నిజానికి ఆగలేదు, దారి అంచుకి చేరి మన వైపు తిరుగుతోంది కాబట్టి మనకి పక్కకి జరిగినట్టు కనిపించదు. అది కలిస్టో. వారానికి ఒక చుట్టు తిరిగేదే అయితే మూడు రోజుల్లో ఆ అంచు దాటి మళ్ళీ గ్రహం దగ్గరికి వచ్చేసి ఉండాలి, ఇంత తాపీగా పోదు. వీడియోలో నోటితో వారం అన్నా, నా చేత్తో గీసిన కాగితంలో మాత్రం వారం లేదు. అది చూసినప్పుడు సిగ్గేసింది, కానీ చాలా సంతోషం కూడా వేసింది, ఎందుకంటే ఏ పుస్తకమూ తెరవకుండా నాలుగు గీతలు చాలాయి.

మిగతావి ఏవి ఏవో నేను చెప్పను. పైన రోజుల లెక్క ఇచ్చా, దాంతో తేల్చొచ్చు. మొదటి రాత్రి కుడి పక్క ఒంటరిగా ఉన్న చుక్కని వదలకుండా వెంటపడండి, రెండో రాత్రి గ్రహానికి కొంచెం దగ్గరైంది, మరి మూడో రాత్రి ఎక్కడుంది? మూడో రాత్రి కుడి పక్క ఉన్న రెండూ నాలుగో రాత్రికి అక్కడ లేవు, వాటిలో ఒకటే ఎడమకి వచ్చిందని నా లెక్క, రెండోది కనిపించలేదు. ఆ కనిపించనిది ఏది, ఎందుకు కనిపించలేదు అన్నది మీరు చెప్పండి. తప్పైనా పర్లేదు, ఎలా ఆలోచించారో రాయండి, నాకు కావాల్సింది అదే. ఎల్లుండి రాత్రి దాకా నేను జవాబు పెట్టను, అప్పటిదాకా ఎవరైనా యాప్‌లో చూసి చెప్పేస్తే దయచేసి పేర్లు కాకుండా "చూసేశా" అని మాత్రం రాయండి, మిగతావాళ్ళు ఇంకా కాగితంతో కూర్చుని ఉంటారు.