గడగడా చదువుతాడు, అడిగితే చెప్పలేడు

కడియంలో మా ఇంటికి ట్యూషన్‌కి వచ్చే తొమ్మిదో తరగతి కుర్రాడు చరణ్, వాళ్ళ నాన్న నర్సరీలో పనిచేస్తాడు. వీడు తెలుగు చదువుతుంటే రేడియోలో వార్తలు విన్నట్టు ఉంటుంది, ఒక్క ఒత్తు కూడా పోదు, అందుకే స్కూల్లో ప్రేయర్ దగ్గర పేపర్ చదివేది కూడా వీడేనట. అపరిచిత గద్యం దగ్గర మాత్రం పదికి రెండు మార్కులు. నిన్న ఒక పేరా నేనే రాసిచ్చి చదవమన్నాను:

"1830లలో గోదావరి జిల్లా కరువులతో, తుఫానులతో చితికిపోయింది. పక్కనే నది నిండుగా పారుతున్నా ఆ నీరు పొలాలకెక్కక సముద్రం పాలయ్యేది. ఇది చూసిన ఇంజనీరు ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రతిపాదించాడు. అంతకుముందు కావేరి మీద చేసిన పని ఆయనకు ధైర్యాన్నిచ్చింది. 1847లో మొదలైన నిర్మాణం 1852లో ముగిసింది."

ఎక్కడా ఆగకుండా చదివేశాడు.

నేను: బాగా చదివావు. నది పక్కనే ఉండగా కరువెందుకు వచ్చింది?

చరణ్: 1830లలో గోదావరి జిల్లా కరువులతో, తుఫానులతో చితికిపోయిందండి.

నేను: అది ఎప్పుడో చెప్పావు. ఎందుకు?

చరణ్: ...

నేను: సరే వదిలెయ్. "ఇది చూసిన" అని ఉంది కదా, ఏది చూసిన?

చరణ్: కాటన్ అండి.

నేను: చూసింది కాటనే. ఆయన ఏం చూశాడు?

చరణ్: ఆనకట్టండి.

నేను: ఇంకా కట్టనేలేదు కదరా, లేని ఆనకట్టని ఎలా చూస్తాడు?

చరణ్: (నవ్వాడు) అవునండోయ్.

నేను: తిట్టనులే, నిజం చెప్పు. చదివేటప్పుడు నీ బుర్రలో ఏం నడుస్తుంటుంది?

చరణ్: తప్పు రాకూడదని అండి. తర్వాత లైన్లో పెద్ద మాటేమైనా ఉందేమో అని ముందే చూసుకుంటా. ఆగితే అందరూ నవ్వుతారు కదా.

నేను: మరి జవాబులు ఎలా రాస్తావ్?

చరణ్: ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి ఆ లైన్ దించేస్తానండి. సోషల్‌లో అలా రాస్తే మార్కులు పడతాయి.

(పడతాయి, అదే నా బాధ కూడా. పాఠం వెనక ప్రశ్నలు చాలావరకు పాఠంలోని మాటలతోనే ఉంటాయి కాబట్టి ఇన్నేళ్ళూ ఈ కిటుకుతో నెట్టుకొచ్చాడు, మేమంతా వాడి గొంతు విని మురిసిపోయాం.)

నేను: నీకు లెక్కలంటే ఇష్టం కదా. మాటలు పలకడం, అర్థం చేసుకోవడం, ఈ రెండూ కూడితే చదువు వస్తుందనుకుంటున్నావు. 1986లో గఫ్, టన్మర్ అని ఇద్దరు పరిశోధకులు అది కూడిక కాదు, గుణకారం అన్నారు. పలకడం పది, అర్థం సున్నా అయితే?

చరణ్: సున్నా. అంటే నాది సున్నానాండీ?

నేను: కాదురా, రెండు మార్కులు వచ్చాయిగా. ఇప్పుడు కాగితం బోర్లా పెట్టు. మీ నర్సరీ వెనక కాలువలో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?

చరణ్: ధవళేశ్వరం నుంచండి. వేసవిలో కాలువ కట్టేస్తారు, అప్పుడు మొక్కలు వాడిపోతాయని నాన్న ఒకటే టెన్షన్.

నేను: కాలువ కట్టేసినప్పుడు గోదావరిలో నీళ్ళు ఉండవా?

చరణ్: ఎందుకుండవండీ, ఉంటాయి. కానీ అవి మా మొక్కల దాకా ఎలా వస్తాయి?

నేను: ఇప్పుడు కాగితం తిప్పి రెండో వాక్యం చదువు. ఒక్క వాక్యమే, పైకి కాదు, మనసులో.

చాలాసేపు చూశాడు. వాడు అంత మెల్లగా చదవడం నేనెప్పుడూ చూడలేదు.

చరణ్: అంటే... అప్పుడు ఏడాదంతా కాలువ కట్టేసినట్టే ఉండేదన్నమాట. నీళ్ళున్నాయి గానీ పొలంలోకి ఎక్కవు. అది చూశాడండి కాటన్!

నేను: చూశావా. "పారుతున్నా"లో ఆ చివరి దీర్ఘం ఉంది చూడు, అది లేకపోతే?

చరణ్: "పారుతున్న" అయితే మామూలుగా పారుతున్న నది. దీర్ఘం ఉంటే... పారుతోంది, అయినా లాభం లేదు.

నేను: ఇకనుంచి ప్రతి వాక్యం దగ్గరా ఆగి, కాగితం మూసి, మీ చెల్లికి చెప్పినట్టు నీ మాటల్లో చెప్పు. చెప్పలేకపోతే మళ్ళీ అదే వాక్యం. రోజుకి అర పేజీ చాలు.

చరణ్: ఇలా అయితే పరీక్షలో టైం సరిపోదండి.

నేను: నిజమే, మొదట్లో సరిపోదు. నెల రోజులు నత్తలా చదువు, తర్వాత చూద్దాం. మరి కావేరి సంగతి ఎందుకు వచ్చింది ఇందులో?

చరణ్: అక్కడ ముందే చేశాడు కాబట్టి ఇక్కడా కుదురుతుందనుకున్నాడు. అయినా టీచర్, నది మీద అయిదేళ్ళు పని చేశారు కదా, మరి వరదలొచ్చినప్పుడు ఏం చేసేవారు?

నేను: అది పేరాలో లేదు.

చరణ్: లేదండి, చూశాను. అందుకే అడుగుతున్నా.