మాక్ పార్లమెంట్: పెట్రోలు, డీజిలు ధరలపై ప్రశ్నోత్తరాల సమయం

సభ జరిగే రోజు 2022 ఏప్రిల్ 6, బుధవారం అనుకోవాలి. మార్చి 22 నుంచి ఈ రోజు దాకా 16 రోజుల్లో 14 సార్లు ధర పెరిగింది. పాత్రలన్నీ కల్పితం, లెక్కలు మాత్రం నిజమైనవి. మంత్రి వేషం వేసేవారికి ఒక మాట: మంత్రిని తడబడే మనిషిగా చూపించొద్దు. ఆయన దగ్గర గట్టి వాదనే ఉంది, దాన్ని గట్టిగానే చెప్పాలి. ప్రతిపక్షం అరుపులతో కాకుండా లెక్కతో నిలదీస్తేనే ఈ ఘట్టం పండుతుంది. మే 21న కేంద్రం పెట్రోలుపై రూ.8, డీజిలుపై రూ.6 ఎక్సైజ్ తగ్గించింది. ఆ సంగతి ఈ రోజు సభలో ఎవరికీ తెలియదు కాబట్టి పొరపాటున కూడా నోరు జారొద్దు.

(ఉదయం 11 గంటలు. స్పీకర్ రాగానే అందరూ లేచి నిలబడతారు. ఆయన కూర్చున్నాక కూర్చుంటారు.)

స్పీకర్: ప్రశ్నోత్తరాల సమయం మొదలవుతోంది. తారాంకిత ప్రశ్న 361. కోస్తా సభ్యురాలు.

కోస్తా సభ్యురాలు: అధ్యక్షా, ప్రశ్న సంఖ్య 361.

పెట్రోలియం మంత్రి: అధ్యక్షా, సమాధానాన్ని సభ ముందు ఉంచుతున్నాను.

స్పీకర్: మొదటి అనుబంధ ప్రశ్న.

కోస్తా సభ్యురాలు: అధ్యక్షా, ఈ ప్రశ్నకు నేను నోటీసు ఇచ్చింది మార్చి 14న. అప్పటికి ఒక్క పైసా పెరగలేదు. అయిదు రాష్ట్రాల ఎన్నికలు అయిపోయాయి కదా, ఇక ధరలు పెంచుతారా అని అడిగాను. సమాధానం రాకముందే ధరలు వచ్చేశాయి. నవంబరు 4 నుంచి 137 రోజులు ధర కదల్లేదు. జనవరి నెలాఖరుకే ముడి చమురు 90 డాలర్లకు చేరింది, ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌లో యుద్ధం మొదలైన రోజున వంద దాటింది. అయినా బంకుల్లో మీటరు మారలేదు. ధరలు కంపెనీలే నిర్ణయిస్తాయంటారు. మరి ఆ 137 రోజులు వాటి చేయి పట్టుకున్నదెవరు?

(ప్రతిపక్షం బల్లలు చరుస్తుంది.)

మంత్రి: అధ్యక్షా, పెట్రోలు ధరపై నియంత్రణ ఎత్తేసింది 2010 జూన్‌లో, డీజిలుపై ఎత్తేసింది 2014 అక్టోబరులో. మొదటి నిర్ణయం తీసుకున్నది ఇప్పుడు ప్రతిపక్షంలో ఉన్నవారి ప్రభుత్వమే. మన అవసరంలో 85 శాతం చమురు బయటి నుంచి కొంటున్నాం. మార్చి మొదట్లో బ్యారెల్ 130 డాలర్లు దాటింది. ఆ భారం మొత్తం ఒక్క రోజులో జనం మీద పడకుండా కంపెనీలు కొన్నాళ్లు మోశాయి. ధర పెరగకపోయినా తప్పేనా అధ్యక్షా?

కోస్తా సభ్యురాలు: ఎవరు ఆపారని అడిగాను. ఆపడం మంచిదా కాదా అని అడగలేదు.

స్పీకర్: మీ రెండో అనుబంధ ప్రశ్న అడగండి.

కోస్తా సభ్యురాలు: అధ్యక్షా, మా తీరంలో మరబోటు ఒక్కసారి వేటకు వెళ్లాలంటే వేల లీటర్ల డీజిలు పోయాలి. లీటరుకు పది పెరిగితే ప్రతి వెయ్యి లీటర్లకు పదివేలు. రాష్ట్రం ఇచ్చే సబ్సిడీ లీటరుకు 9 రూపాయలు. అది పదహారు రోజుల్లో ఆవిరైపోయింది. 15వ తేదీ నుంచి వేట నిషేధం, రెండు నెలలు బోటు ఒడ్డునే. నిషేధానికి ముందు నాలుగు రాళ్లు సంపాదించుకుందామనుకున్నవాళ్లు ఇప్పుడు లంగరు వేసి కూర్చున్నారు. నా ప్రశ్న సూటిగా ఉంది. 2020 మార్చి, మే నెలల్లో ముడి చమురు పడిపోయినప్పుడు పెట్రోలుపై 13, డీజిలుపై 16 రూపాయలు ఎక్సైజ్ పెంచారు. నవంబరులో తగ్గించింది 5, 10. ఇంకా మీ దగ్గరే ఉన్న 8, 6 రూపాయలు ఎప్పుడు తిరిగిస్తారు?

మంత్రి: అధ్యక్షా, ఈ పద్నాలుగు సార్లలో కేంద్రం పన్ను ఒక్క పైసా పెరగలేదు. మా ఎక్సైజ్ లీటరుకు ఇంత అని స్థిరంగా ఉంటుంది. రాష్ట్రాల వ్యాట్ శాతంలో ఉంటుంది, ధరతో పాటు అదీ పెరుగుతుంది. ఢిల్లీలో లీటరు పెట్రోలు 95.41 నుంచి 105.41కి వచ్చింది, సరిగ్గా పది రూపాయలు. హైదరాబాద్‌లో 108.20 నుంచి 119.49కి చేరింది. పెరుగుదల 11.29. ఆ పైనున్న రూపాయి ఇరవై తొమ్మిది పైసలు ఎక్కువ వ్యాట్ వల్ల వచ్చినవే. ముందు అక్కడ అడగండి!

(అధికార పక్షం చప్పట్లు. ప్రతిపక్షంలో కేకలు. ఇద్దరు సభ్యులు వెల్‌లోకి రాబోతారు.)

స్పీకర్: మీ స్థానాల్లోకి వెళ్లండి. వెల్‌లో నిలబడి మాట్లాడిందేదీ రికార్డుల్లోకి వెళ్లదు. ఇది ప్రశ్నలడిగే గంట, దాన్ని పాడు చేసుకోకండి. పాలమూరు సభ్యుడు.

పాలమూరు సభ్యుడు: అధ్యక్షా, మంత్రిగారు చెప్పింది నిజమే. తెలంగాణలో పెట్రోలుపై వ్యాట్ 35.20 శాతం, తక్కువేం కాదు. మా రాష్ట్రాన్ని వెనకేసుకురావడానికి నేను లేవలేదు. కానీ సగం లెక్క చెప్పి కూర్చుంటే ఎలా? పెట్రోలుపై కేంద్రం తీసుకునే 27.90లో ప్రాథమిక ఎక్సైజ్ 1.40 మాత్రమే. మిగతా 26.50 సెస్సులు, ప్రత్యేక సుంకం. రాష్ట్రాలకు వాటా వచ్చేది ఆ 1.40లోనే. 41 శాతం వాటా వేసుకున్నా, అన్ని రాష్ట్రాలకూ కలిపి లీటరుకు 57 పైసలు. 2020-21లో పెట్రోలు, డీజిలుపై కేంద్రానికి వచ్చిన 3.72 లక్షల కోట్లలో రాష్ట్రాలకు దక్కింది 20 వేల కోట్లలోపే అని ఈ ప్రభుత్వమే పార్లమెంటుకు చెప్పింది. పంచనక్కర్లేని పేరు పెట్టి పన్ను వేసి, రాష్ట్రాలనే తగ్గించుకోమనడం న్యాయమా?

మంత్రి: ఆ డబ్బు ఎక్కడికీ పోలేదు అధ్యక్షా. కోవిడ్‌లో 80 కోట్ల మందికి ఉచిత రేషన్, ఉచిత టీకా అందులోంచే. రోడ్ల సెస్సు రోడ్లకే. ఇంకో మాట. గత ప్రభుత్వం ధర తక్కువ చూపించడానికి 1.34 లక్షల కోట్ల చమురు బాండ్లు ఇచ్చి వెళ్లింది. వాటి అసలు, వడ్డీ మేమే కడుతున్నాం.

పాలమూరు సభ్యుడు: ఆ బాండ్ల అసలు మొత్తం కలిపినా ఒక్క ఏడాది ఎక్సైజ్ వసూళ్లలో సగం కూడా కాదు! (కేకలు.) యాసంగి వరి కోతకొచ్చింది. హార్వెస్టర్ యజమాని గంట రేటు పెంచేశాడు. రైతుకు మద్దతు ధర మాత్రం పెరగలేదు. ఆ రైతుకు బాండ్ల కథ చెప్పమంటారా?

స్పీకర్: ఒక్క ప్రశ్నకే అవకాశం, అయిపోయింది. అధికార పక్షం నుంచి.

అధికార పక్ష సభ్యురాలు: అధ్యక్షా, పెట్రోలు, డీజిలును జీఎస్టీలోకి తెస్తే ఈ కేంద్రం, రాష్ట్రం తగవు తీరుతుంది కదా. ఆ ఆలోచన ఉందా?

మంత్రి: గత సెప్టెంబరులో లక్నోలో జీఎస్టీ కౌన్సిల్ చర్చించింది. ఇది సమయం కాదని అభిప్రాయపడింది. రాష్ట్రాలు ఒప్పుకోకుండా కుదరదు.

స్పీకర్: సమయం దగ్గర పడింది. ప్రతిపక్ష నాయకురాలు, క్లుప్తంగా.

ప్రతిపక్ష నాయకురాలు: అధ్యక్షా, టీకా, బాండ్లు, లక్నో అన్నీ విన్నాం. మా సభ్యురాలు అడిగిన 8, 6 రూపాయల ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు రాలేదు. తగ్గిస్తారా, తగ్గించరా?

మంత్రి: సుంకాలు ఆర్థిక శాఖ పరిధిలోవి. నా శాఖ నుంచి తారీఖు చెప్పలేను.

ప్రతిపక్ష నాయకురాలు: తారీఖు వద్దు. ఆర్థిక మంత్రితో మాట్లాడి, ఏం తేలిందో సభకు తెలియజేస్తామని చెప్పండి చాలు.

(మంత్రి అధికారుల గ్యాలరీ వైపు చూస్తారు. చీటీ వస్తుంది. చదివి మడుస్తారు. ఇక్కడ తొందరపడొద్దు, సభంతా ఆయన్నే చూడాలి.)

మంత్రి: సభ్యుల ఆందోళనను ఆర్థిక మంత్రి దృష్టికి తీసుకెళ్తాను. ఏం తేలిందో సభకు తెలియజేస్తాను.

కోస్తా సభ్యురాలు: (లేచి) అధ్యక్షా, దీన్ని హామీగా నమోదు చేయాలి!

స్పీకర్: మంత్రిగారి మాట రికార్డులో ఉంది. అది హామీయో కాదో ప్రభుత్వ హామీల కమిటీ చూస్తుంది. హామీ అని తేలితే మూడు నెలల్లో నెరవేర్చాలి. ప్రశ్న 362.