బిల్లింగ్ విభాగంలో చేరుతున్న కొత్త ఉద్యోగులకు స్వాగతం

సోమవారం చేరుతున్న మీ ఆరుగురికీ నమస్కారం.

కొత్త ఆఫీసులో మొదటి రోజు ఎవరిని ఏం అడగాలో తెలియక మొహమాటంతో కూర్చోవడం ఎంత ఇబ్బందో నాకు తెలుసు. మీకు ఆ ఇబ్బంది రాకూడదనే ముందుగా రాస్తున్నాను. మొదటి వారంలో మీ నుంచి పని ఆశించడం లేదు. కాగితాలు పూర్తవడం, సిస్టమ్‌లు తెరుచుకోవడం, పక్కన కూర్చునేవాళ్ల పేర్లు తెలియడం, ఈ మూడూ జరిగితే చాలు. మీలో ప్రతి ఒక్కరికీ విభాగంలోని ఒక సీనియర్‌ని తోడుగా పెట్టాం. ఎంత చిన్న సందేహమైనా వాళ్లని అడగండి. ఆ వారం వాళ్ల పనిభారం తగ్గించాం కాబట్టి విసిగిస్తున్నామని అనుకోవద్దు.

తెచ్చుకోవాల్సిన కాగితాలు

ఒరిజినల్స్ చూసి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేస్తాం. మా దగ్గర ఉండేవి మీరు సంతకం చేసిన జిరాక్సులు మాత్రమే.

☐ ఫొటో ఉన్న గుర్తింపు కార్డు, చిరునామా రుజువు
☐ ఆఖరి డిగ్రీ సర్టిఫికెట్, మార్కుల జాబితా
☐ పాత ఉద్యోగం ఉంటే రిలీవింగ్ లెటర్, చివరి మూడు నెలల పే స్లిప్పులు
☐ జీతం పడాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు (ఖాతా మీ పేరు మీదే ఉండాలి)
☐ సంతకం చేసిన ఆఫర్ లెటర్
☐ పాస్‌పోర్టు సైజు ఫొటోలు రెండు
☐ అత్యవసరంలో ఫోన్ చేయాల్సిన ఇద్దరి నంబర్లు

ఇక్కడ ఒక్క విషయం నిదానంగా చూసుకోండి. మీ పేరు అన్ని కాగితాల్లో ఒకేలా ఉందా? ఒకచోట ఇంటిపేరు పూర్తిగా, ఇంకోచోట పొడి అక్షరంగా, బ్యాంకులో పెళ్లి తర్వాతి పేరు, సర్టిఫికెట్‌లో పెళ్లికి ముందు పేరు ఉండటం చాలామందికి మామూలే. అది తప్పేమీ కాదు. కానీ మాకు చెప్పకపోతే మొదటి జీతం బ్యాంకు దగ్గర ఆగిపోవచ్చు. తేడా ఉంటే మీరు చేరే సోమవారానికి ముందు శుక్రవారంలోగా చెప్పండి. ఏ పేరుతో నమోదు చేయాలో, ఏ రుజువు సరిపోతుందో కలిసి చూద్దాం.

రిలీవింగ్ లెటర్ ఇంకా చేతికి రాకపోతే రాజీనామాను ఆమోదించిన ఈమెయిల్ తెండి. అసలుది ఇవ్వడానికి 30 రోజుల గడువు ఉంది.

సిస్టమ్‌లు

ల్యాప్‌టాప్ తీసుకునేటప్పుడు సీరియల్ నంబరు సరిచూసి, గీతలూ సొట్టలూ ఉంటే ఫారంలో రాయించాకే సంతకం పెట్టండి. తాత్కాలిక పాస్‌వర్డ్ సీల్ చేసిన కవర్లో ఇస్తారు. మొదటిసారి లాగిన్ అవగానే అది మార్చమని సిస్టమే అడుగుతుంది.

☐ కొత్త పాస్‌వర్డ్: కనీసం 14 అక్షరాలు, ఇంకెక్కడా వాడనిది
☐ ఫోన్‌లో ఆథెంటికేటర్ యాప్, రెండంచెల ధ్రువీకరణ
☐ రికవరీ కోడ్‌లు కాగితం మీద రాసి ఇంట్లో భద్రం (ఫోన్ పోతే మిమ్మల్ని కాపాడేవి ఇవే)
☐ ఈమెయిల్, క్యాలెండర్, హాజరు పోర్టల్
☐ వీపీఎన్, ఇంటి నుంచి ఒకసారి పరీక్షించి చూడాలి

బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో మొదటి రెండు వారాలు మీరు చూడగలరు, మార్చలేరు. మీ మీద నమ్మకం లేక కాదు. ఒక ఇన్వాయిస్‌లో పొరపాటున అంకె మారితే దాని వెంట ఎన్ని లెక్కలు మారతాయో ముందు మీరు చూడాలి. ఈలోగా తోటివాళ్లు జాలిపడి తమ లాగిన్ ఇస్తామన్నా తీసుకోవద్దు. ఆ లాగిన్‌తో జరిగిన ప్రతి మార్పూ వాళ్ల పేరు మీదే నమోదవుతుంది.

కొత్తవాళ్లకి దొంగ మెయిళ్లు ఎక్కువగా వస్తాయి. ఎవరెవరో ఇంకా తెలియదు కాబట్టి నమ్మేస్తారని మోసగాళ్ల ఆశ. ఐటీ వాళ్లు గానీ నేను గానీ మీ పాస్‌వర్డ్, ఓటీపీ ఎప్పుడూ అడగం. పొరపాటున లింకు నొక్కినా దాచకుండా వెంటనే ఐటీ డెస్కుకి చెప్పండి, ఎక్స్‌టెన్షన్ 214. చెప్పినందుకు ఎవరూ కోప్పడరు. సీటు వదిలి లేచిన ప్రతిసారీ స్క్రీన్ లాక్ అయ్యేలా `Windows + L` నొక్కండి.

మొదటి వారం

సోమవారం: 9:30కి రిసెప్షన్ దగ్గరికి రండి, నేను అక్కడే ఉంటాను. కాగితాలు, ఐడీ కార్డు, ల్యాప్‌టాప్. మధ్యాహ్నం విభాగంతో కలిసి భోజనం, తర్వాత మీ తోడు సీనియర్‌తో పరిచయం. 4 గంటలకల్లా ఇంటికి వెళ్లిపోవచ్చు.

మంగళవారం: లాగిన్‌లన్నీ పనిచేస్తున్నాయో లేదో ఐటీ వాళ్లతో కూర్చుని చూసుకోవడం. సెలవులు, జీతం, బీమా గురించి గంటసేపు నేను చెబుతాను. బీమాలో పేర్లు చేర్చాల్సిన కుటుంబసభ్యుల పుట్టిన తేదీలు రాసుకుని రండి.

బుధ, గురువారాలు: సీనియర్ పక్కన కూర్చుని ఒక బిల్లు మొదటి నుంచి చివరిదాకా ఎలా నడుస్తుందో చూడటం. నోట్సు రాసుకోండి. కొత్త కళ్లకి కనపడే లోపాలు మాకు కనపడవు, వాటిని కూడా రాయండి.

శుక్రవారం: భద్రతా శిక్షణ ఉదయం. 3 గంటల నుంచి మేనేజర్‌తో ఒక్కొక్కరికీ అరగంట. ఏది అర్థం కాలేదో, ఏ యాక్సెస్ ఇంకా రాలేదో ఆ అరగంటలో చెప్పండి.

సోమవారం లోపు ఏ సందేహమున్నా ఈ మెయిల్‌కే జవాబివ్వండి. నడవడానికి, చూడటానికి, వినడానికి ఏదైనా ఏర్పాటు కావాల్సి ఉంటే ఇప్పుడే చెబితే మీరొచ్చేసరికి సిద్ధం చేస్తాను.

మీ రాక కోసం ఎదురుచూస్తూ,
హెచ్‌ఆర్ అధికారి, బిల్లింగ్ విభాగం