మనోవర్తి దరఖాస్తుకు ప్రతివాది కౌంటర్ అఫిడవిట్

విశాఖపట్నం కుటుంబ న్యాయస్థానం న్యాయమూర్తి గారి సమక్షమునకు

ఐ.ఎ. నం. 187/2025
ఎఫ్.సి.ఓ.పి. నం. 412/2025లో

కోరాడ వెంకట రమణ ... పిటిషనర్ (భర్త)
కోరాడ శ్రీలత ... ప్రతివాది (భార్య)

హిందూ వివాహ చట్టం, 1955లోని సెక్షన్ 24 కింద పిటిషనర్ దాఖలు చేసిన దరఖాస్తుకు ప్రతివాది సమర్పించు కౌంటర్ అఫిడవిట్

కోరాడ శ్రీలత అను నేను, వయస్సు 37 సంవత్సరములు, ప్రైవేటు ఉద్యోగిని, మర్రిపాలెం, విశాఖపట్నం వాస్తవ్యురాలిని, సత్యప్రమాణముగా తెలియజేసుకొనునది ఏమనగా:

1. ఈ దరఖాస్తులో ప్రతివాదిని నేనే. 24-11-2025 నాటి దరఖాస్తును, దానికి జతచేసిన అఫిడవిట్‌ను పూర్తిగా చదివి అర్థం చేసుకున్నాను. ఇందులో నేను స్పష్టంగా ఒప్పుకున్నవి తప్ప మిగిలిన ఆరోపణలన్నిటినీ నిరాకరిస్తున్నాను.

2. మా వివాహం 2014లో సింహాచలంలో జరిగినదన్నది, 9 ఏళ్ల కుమార్తె నా దగ్గరే ఉన్నదన్నది, 2024 ఆగస్టు నుంచి మేము వేరుగా ఉంటున్నామన్నది నిజం. పిటిషనర్ విడాకుల ఓ.పి.లో చేసిన క్రూరత్వం ఆరోపణలకు అక్కడే విడిగా కౌంటర్ వేశాను. వాటిని ఇక్కడికి లాగను.

3. భర్త భార్యను మనోవర్తి అడగడమేమిటని మా బంధువుల్లో కొందరు నన్ను అడిగారు. నేను ఆ అభ్యంతరం పెట్టడం లేదు. సెక్షన్ 24 భార్యకూ భర్తకూ సమానంగా వర్తిస్తుందని మా న్యాయవాది ద్వారా తెలుసుకున్నాను. అయితే అడిగే వారికి తమ పోషణకు, కేసు ఖర్చులకు సరిపడే స్వంత ఆదాయం లేదని కోర్టుకు కనబడాలి. ఇద్దరి ఆదాయాలూ చూశాకే ఎంత ఇవ్వడం సమంజసమన్న ప్రశ్న వస్తుంది. కాబట్టి ముందు నా ఆదాయం చెబుతాను. పిటిషనర్‌కు తెలిసినదీ తెలియనిదీ కూడా చెబుతాను.

4. పరవాడ ఫార్మా సిటీలోని ఒక ఔషధ తయారీ కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ విభాగంలో సీనియర్ కెమిస్ట్‌గా పనిచేస్తున్నాను. నా స్థూల జీతం నెలకు రూ. 68,400. ఇందులో భవిష్య నిధి రూ. 4,104, వృత్తి పన్ను రూ. 200, గ్రూపు ఆరోగ్య బీమా రూ. 650, క్యాంటీన్ రూ. 900 కోత పోగా చేతికి వచ్చేది రూ. 62,546. ఈ ఆర్థిక సంవత్సరంలో కొత్త పన్ను విధానం కింద 12 లక్షల వరకు ఆదాయానికి రిబేటు ఉన్నందున జీతంలో ఆదాయపు పన్ను కోయడం లేదు. కిందటి సంవత్సరం కోశారు. ఆ ఫారం 16ను, గత పన్నెండు నెలల జీతం స్లిప్పులను జతచేశాను.

5. జీతం కాక ఏడాదికి ఒకసారి, దసరా దీపావళి రోజుల్లో, కంపెనీ బోనస్ ఇస్తుంది. 2025 అక్టోబరులో రూ. 54,000 వచ్చింది. నెలకు సర్దితే రూ. 4,500. వచ్చే ఏడాది ఇంతే వస్తుందన్న హామీ లేదు, అయినా లెక్కలో కలుపుతున్నాను.

6. మర్రిపాలెంలో మేముంటున్న ఇల్లు నా తండ్రి 2016లో నాకు గిఫ్టు డీడు ద్వారా ఇచ్చినది. కింద నేను, నా తల్లి, కుమార్తె ఉంటున్నాము. పై వాటా అద్దె రూ. 9,000. నా తండ్రి పోయాక నా వంతుకు వచ్చిన సొమ్ములో రూ. 3,50,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది. దాని మీద ఏడాదికి రూ. 24,480, అంటే నెలకు రూ. 2,040 వడ్డీ వస్తుంది.

7. ఆదివారాలు ఇంటి దగ్గర కొందరు డిగ్రీ విద్యార్థినులకు కెమిస్ట్రీ ట్యూషన్ చెబుతున్నాను. పరీక్షల ముందు నెలల్లో పది వేల వరకు వస్తుంది. మే నెలలో ఏమీ రాదు. సగటున నెలకు రూ. 7,000. ఇది ఎక్కువ భాగం చేతికి నగదుగా ఇస్తారు కనుక బ్యాంకు స్టేట్‌మెంటులో కనబడదు. పిటిషనర్ తన దరఖాస్తులో దీని ఊసు ఎత్తలేదు. మేము విడిపోయాక మొదలుపెట్టిన పని కనుక ఆయనకు తెలిసే అవకాశం లేదు. ఎవరెంత ఇచ్చారో రాసుకున్న నోటు పుస్తకం నకలు జతచేశాను.

8. అన్నీ కలిపి నా నెలసరి ఆదాయం రూ. 85,086. ఇంతకు మించి నాకు ఆదాయం లేదు.

9. పిటిషనర్ నాకు "నెలకు సుమారు లక్షన్నర" వస్తుందని రాశారు. ఆ అంకె ఎక్కడిదో నాకు అర్థమైంది. ఆయన జతచేసిన నా బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ 2025 అక్టోబరు నెలది. ఆ నెల నా ఖాతాలో జమ అయినవి మూడు: జీతం రూ. 62,546, బోనస్ రూ. 54,000, బీమా కంపెనీ తిరిగి చెల్లించిన రూ. 30,800. మొత్తం రూ. 1,47,346. ఆ చివరి మొత్తం సెప్టెంబరులో పాపకు డెంగీ జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంచినప్పుడు నేను ముందుగా కట్టిన బిల్లు. అది ఆదాయం కాదు, నా డబ్బే నాకు తిరిగి వచ్చింది. అదే స్టేట్‌మెంటులో సెప్టెంబరు పేజీ చూస్తే ఆ బిల్లు కట్టినట్టు కనబడుతుంది. ఆ పేజీని పిటిషనర్ జతచేయలేదు. నా ఖాతా స్టేట్‌మెంటు ఆయన చేతికి ఎలా వచ్చిందన్నది వేరే సంగతి. దాచవలసినది లేదు కనుక, పూర్తి ఏడాది స్టేట్‌మెంటును నేనే దాఖలు చేస్తున్నాను.

10. నా ఖర్చులు: ఇంటి సరుకులు, పాలు, గ్యాస్ కలిపి రూ. 17,000. కరెంటు, నీరు, ఇంటి పన్ను, మరమ్మతులు రూ. 3,400. పాప స్కూలు ఫీజు, బస్సు నెలకు సర్దితే రూ. 6,000. పుస్తకాలు, కూచిపూడి క్లాసు రూ. 2,500. నేను షిఫ్టు ముగించుకుని వచ్చేవరకు పాపను, అమ్మను చూసుకునే ఆమెకు రూ. 4,500. అమ్మకు షుగరు, బీపీ మందులు, పరీక్షలు రూ. 4,200. ప్రయాణం రూ. 2,500. ఎల్ఐసీ ప్రీమియం రూ. 3,150. పాప పేర సుకన్య సమృద్ధి రూ. 3,000. ఫోను, ఇంటర్నెట్ రూ. 1,100. బట్టలు, పండుగలు, వైద్యం రూ. 5,000. వీటికి తోడు రూ. 11,850 వ్యక్తిగత రుణం వాయిదా. మొత్తం రూ. 64,200. అంటే నెలాఖరుకు నా చేతిలో సుమారు ఇరవై వేలు మిగులుతుంది. ఏమీ మిగలదని నేను అనడం లేదు. ఈ కేసు ఖర్చులు కూడా అందులోంచే పోతున్నాయి.

11. ఆ వాయిదా గురించి ఒక మాట. అది 2022లో పిటిషనర్ అక్కయ్యపాలెంలో ఏసీల అమ్మకం, సర్వీసు షాపు పెట్టినప్పుడు నా జీతం మీద తీసుకున్న రుణం. డబ్బు నా ఖాతాలో పడిన మర్నాడే ఆయన షాపు ఖాతాకు పంపాను. ఆ రసీదు జతచేశాను. షాపు మూతపడింది, వాయిదా మాత్రం నా జీతంలోంచే పోతున్నది. పిటిషనర్ తన అఫిడవిట్‌లో ఈ రుణం గురించి ఒక్క ముక్క రాయలేదు.

12. నా ఆస్తులు: పైన చెప్పిన ఇల్లు, డిపాజిట్, 18 తులాల బంగారం (పెళ్లికి నా పుట్టింటివారు పెట్టినది, బ్యాంకు లాకరులో ఉంది), 31-01-2026 నాటికి పొదుపు ఖాతాలో రూ. 1,18,240, భవిష్య నిధిలో సుమారు రూ. 5,62,000, ఒక స్కూటీ.

13. ఇక పిటిషనర్ ఆదాయం. నేను కళ్లారా చూసినది, ఇతరుల నోట విన్నది వేరుచేసి చెబుతాను. షాపు మూతపడిందన్నది నిజం, ఆ మాట కాదనను. కానీ ఆయన మెకానికల్ డిప్లొమా చదివి, ఏసీ పనిలో ఏళ్ల అనుభవం ఉన్నవారు. విశాఖ ఉక్కపోతలో ఏసీ మెకానిక్‌కు ఎండాకాలం పని వెతుక్కోనక్కరలేదు. 2025 మే నెలలో మా వీధిలోనే, మా ఇంటికి మూడో ఇంట్లో, ఆయన ఇద్దరు కుర్రాళ్లతో వచ్చి ఏసీలు సర్వీసు చేయడం నేను స్వయంగా చూశాను. ఆ ఇంటివారు ఆయనకు ఫోన్‌లో రూ. 1,800 చెల్లించిన రసీదు నాకిచ్చారు, అవసరమైతే సాక్ష్యం చెబుతామన్నారు. నగరంలో ఇంకా చాలా చోట్ల పని చేస్తున్నారని విన్నాను. అది విన్నమాట మాత్రమే, దానిమీద నేను ఏ అంకే చెప్పను. ఆయనకు ఎంత వస్తున్నదన్నది ఆయనకు మాత్రమే తెలిసిన సంగతి, చెప్పవలసినదీ ఆయనే.

14. రజనీష్ వర్సెస్ నేహా కేసులో 04-11-2020 నాటి తీర్పులో గౌరవ సుప్రీంకోర్టు, మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పుల వెల్లడి అఫిడవిట్ వేయాలని ఆదేశించింది. నేను ఆ నమూనాలోనే నా అఫిడవిట్‌ను ఈ కౌంటర్‌తో పాటు దాఖలు చేస్తున్నాను. పిటిషనర్ అఫిడవిట్‌లో ఆదాయం దగ్గర "లేదు" అని ఒక్క మాట ఉంది. బ్యాంకు స్టేట్‌మెంట్లు లేవు. ఫోను ద్వారా డబ్బు తీసుకునే ఖాతా వివరం అసలే లేదు.

15. 2023లో హనుమంతవాక దగ్గర బండి ప్రమాదంలో ఆయన నడుముకు దెబ్బ తగిలిన మాట వాస్తవం. ఆ ఆసుపత్రి ఖర్చు రూ. 1,12,000 నేనే కట్టాను. నొప్పి లేదని నేను చెప్పలేను, ఒకరి నొప్పి మరొకరు కొలవలేరు. కానీ ఆయన జతచేసిన చివరి మందుల చీటీ 2024 ఫిబ్రవరిది. పని చేయలేని స్థితి అని ఏ వైద్యుడూ ఇచ్చిన ధ్రువపత్రం లేదు.

16. ఆయన కంచరపాలెంలో తల్లిగారి స్వంత ఇంట్లో ఉంటున్నారు, అద్దె లేదు. మా అత్తగారికి వచ్చే కుటుంబ పింఛను ఆమెది. దానిని ఆయన ఆదాయంగా చూపమని నేను అడగను. విడిపోయినప్పటి నుంచి పాప కోసం ఆయన ఒక్క రూపాయి పంపలేదు. బిడ్డను పోషించే బాధ్యత తల్లిదండ్రులిద్దరిదీ. సెక్షన్ 26 కింద పాప పోషణకు ఆయన వంతు కోరే హక్కును నేను వదులుకోవడం లేదు.

17. పిటిషనర్ నెలకు రూ. 40,000, కేసు ఖర్చులకు రూ. 1,00,000 కోరారు. నాకు మిగిలేదానికి అది రెట్టింపు. అది ఇవ్వాలంటే పాప స్కూలో, అమ్మ మందులో ఆపాలి.

కావున గౌరవ న్యాయస్థానం వారు (అ) గత మూడు సంవత్సరాల బ్యాంకు, యూపీఐ ఖాతాల స్టేట్‌మెంట్లతో, పనిచేయలేనని చెప్పేటట్లయితే వైద్య ధ్రువపత్రంతో సహా, పూర్తి వెల్లడి అఫిడవిట్ వేయవలసిందిగా పిటిషనర్‌ను ఆదేశించవలసిందిగాను, (ఆ) ఐ.ఎ. నం. 187/2025ను కొట్టివేయవలసిందిగాను, (ఇ) ఆ పత్రాలు చూసిన తరువాత కూడా పిటిషనర్‌కు నిజంగా స్వంత ఆదాయం చాలదని కోర్టువారు భావించినచో, పైన 10వ పేరాలో చెప్పిన నా మిగులును, పాప పోషణలో ఆయన వంతును దృష్టిలో ఉంచుకుని మాత్రమే మొత్తాన్ని నిర్ణయించవలసిందిగాను ప్రార్థిస్తున్నాను. నాకు నోటీసు 18-12-2025న అందింది. ఇటువంటి దరఖాస్తును వీలైనంతవరకు నోటీసు అందిన 60 రోజుల్లో తేల్చాలని చట్టంలో ఉన్నందున, నా వైపు నుంచి వాయిదా కోరడం లేదు.

ధ్రువీకరణ

పైన 1 నుంచి 17 వరకు పేరాలలో వ్రాసిన సంగతులలో నా ఆదాయం, ఖర్చులు, ఆస్తులు, అప్పులకు సంబంధించినవి నాకు స్వయంగా తెలిసినవి, నిజమైనవి. చట్టానికి సంబంధించినవి న్యాయవాది సలహా మీద నిజమని నమ్ముచున్నవి. 13వ పేరాలో విన్నదని చెప్పినది విన్నదే. ఏ విషయమూ దాచలేదు. దీనిని నాకు తెలుగులో చదివి వినిపించగా, సరిగా ఉన్నదని ఒప్పుకుని 09-02-2026న విశాఖపట్నంలో సంతకం చేయుచున్నాను.

(సం.) కోరాడ శ్రీలత
ప్రమాణకర్త / ప్రతివాది