20 ఎంఎం రౌండ్, 12 ఎంఎం స్క్వేర్ రాడ్లకు బిల్లులో ఎక్కువ పడిన బరువు గురించి

ఉండి, పశ్చిమ గోదావరి జిల్లా
17-07-2025

తాడేపల్లిగూడెంలోని స్టీల్ షాపు యజమాని గారికి,

విషయం: 14-07-2025 నాటి 412వ నంబరు బిల్లు. 80.4 కిలోలకు క్రెడిట్ నోట్ ఇవ్వవలసిందిగా కోరుతూ.

నమస్కారమండి. ఉండిలో వెల్డింగ్ వర్క్‌షాపు నడుపుతున్న సూర్యనారాయణను. చేపల చెరువుల తూములకు తలుపులు, జాలీలు చేసే పని కోసం సోమవారం మీ గోడౌన్ నుంచి సరుకు దింపుకున్నాను. సరుకు నాణ్యత మీద నాకు ఫిర్యాదు లేదు. రాడ్లు తిన్నగా ఉన్నాయి, వెల్డింగ్ బాగా పడుతోంది. నా అభ్యంతరమల్లా బిల్లులో వేసిన బరువు మీదే.

దింపిన రోజునే మా కుర్రాళ్లు రాడ్లు లెక్కపెట్టారు. మీ బిల్లులో ఉన్నన్నీ ఉన్నాయి. అన్నీ 6 మీటర్ల రాడ్లే, టేపు పెట్టి చూస్తే పొడవులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఆ లెక్కన సెక్షన్ టేబుల్ ప్రకారం రావలసిన బరువూ, మీరు వేసిన బరువూ ఇలా ఉన్నాయి:

20 ఎంఎం రౌండ్, 40 రాడ్లు, 240 మీటర్లు: మీటరుకు 2.47 చొప్పున 592.8 కిలోలు. బిల్లులో 640. తేడా 47.2 కిలోలు.
12 ఎంఎం స్క్వేర్, 60 రాడ్లు, 360 మీటర్లు: మీటరుకు 1.13 చొప్పున 406.8 కిలోలు. బిల్లులో 440. తేడా 33.2 కిలోలు.
50×6 ఫ్లాట్, 50 పట్టీలు, 300 మీటర్లు: మీటరుకు 2.355 చొప్పున 706.5 కిలోలు. బిల్లులో 725. తేడా 18.5 కిలోలు.

ఫ్లాట్ సంగతి ముందే వదిలేస్తున్నాను. వెర్నియర్ పెట్టి చూస్తే మందం చాలా చోట్ల 6.1, 6.2 దాకా ఉంది. మిల్లులో ఆ మాత్రం హెచ్చుతగ్గులు సహజం. ఇనుము నిజంగా వచ్చింది కాబట్టి ఆ 18.5 కిలోల డబ్బు న్యాయంగా మీదే. మిగతా రెంటి విషయంలో మాత్రం ఒప్పుకోలేకపోతున్నాను.

మీ గుమాస్తా గారికి ఫోన్ చేస్తే, టేబుల్ బరువు కాగితం మీద లెక్క అనీ, మిల్లు నుంచి వచ్చే రాడ్డు ఎప్పుడూ కొంచెం లావుగానే ఉంటుందనీ అన్నారు. సరే, అదే నిజమనుకుందాం. రౌండ్ రాడ్డు మీటరు బరువు d²/162 అని మీకు తెలిసిందే. 240 మీటర్లు 640 కిలోలు తూగాలంటే మీటరుకు 2.667 కిలోలు ఉండాలి. అంటే రాడ్డు వ్యాసం దాదాపు 20.8 ఎంఎం కావాలి. స్క్వేర్‌కు a²×0.00785 చొప్పున వెనక్కి లెక్కేస్తే భుజం 12.5 ఎంఎంకి దగ్గరగా ఉండాలి. అంత తేడా ఉంటే వెర్నియర్ కూడా అక్కర్లేదు, 20 ఎంఎం బొక్కలో రాడ్డు దూరదు. మా దగ్గర తలుపు పట్టీకి వేసిన 20.5 బొక్కలో మీ రాడ్డు వదులుగా దిగుతోంది.

వేడి మీద రోల్ చేసిన రాడ్డు అన్ని వైపులా ఒకేలా గుండ్రంగా ఉండదు కనుక, ప్రతి రాడ్డునూ కొలిచిన చోటే తొంభై డిగ్రీలు తిప్పి రెండోసారి కూడా కొలిచాం. రౌండ్ 19.7 నుంచి 20.0 మధ్యే ఉంది. స్క్వేర్ 11.8 నుంచి 12.0 మధ్య ఉంది. 20.8 గానీ 12.5 గానీ ఎక్కడా కనిపించలేదండి.

అక్కడితో ఆగలేదు. పనిలోకి ఎలాగూ కోయవలసిన రాడ్ల మధ్య భాగం నుంచి సరిగ్గా మీటరు ముక్కలు కోయించి, ఊళ్లో రొయ్యలు కొనేవాళ్ల ఎలక్ట్రానిక్ కాటా మీద పెట్టించాను. ఆ కాటాకు తూనికల శాఖ సీలు ఉంది. గ్రాముల్లో తేడా వచ్చినా రైతు ఊరుకోడు కాబట్టి దాన్ని జాగ్రత్తగా ఉంచుతారు. రౌండ్ ముక్క 2 కిలోల 420 గ్రాములు తూగింది. స్క్వేర్ ముక్క 1 కిలో 100 గ్రాములు. ఆ బరువును తిరగేసి లెక్కిస్తే 19.8, 11.8 వస్తాయి, అంటే వెర్నియర్ చెప్పిందీ కాటా చెప్పిందీ ఒకటే. నిజానికి నాకు వచ్చిన ఇనుము టేబుల్ కంటే కాస్త తక్కువే. అయినా ఆ తగ్గుదలను నేను అడగడం లేదు, టేబుల్ బరువుకే డబ్బు కడతాను.

పది శాతం దాకా తేడా మామూలే అని కూడా అన్నారు. స్లాబులో వేసే టీఎంటీ కడ్డీల ప్రమాణం ఐఎస్ 1786 కూడా, 16 ఎంఎం దాటిన సైజుకు బ్యాచ్ మొత్తం మీద 3 శాతానికి మించి ఒప్పుకోదు. ఇక్కడ రెండు సైజుల్లోనూ 8 శాతం పడింది. వానకు తడిసిన సరుకు అనుకున్నా, పైన ఉండే చెమ్మ, పెచ్చు కలిసి 80 కిలోలు కావు.

నాకు తోచిన కారణం చెప్తాను. మూడు రకాలూ ఒకే బండిలో ఎక్కించి వేబ్రిడ్జి మీద ఒకేసారి తూచారు. స్లిప్పులో నికరం 1,805 కిలోలు. అందులో ఖాళీ బండి తూకం తేదీ 02-07-2025 అని ఉంది, అంటే ఆ రోజు ఖాళీ బండిని తూచలేదు. ఈలోపు డీజిల్ నిండినా, బండిలో మనిషి కూర్చున్నా, తాళ్లూ పట్టాలూ ఎక్కినా అదంతా నా ఇనుము కిందే పడుతుంది. పైగా 640, 440, 725 అన్నీ సున్నా, అయిదుతో ముగుస్తున్నాయి. మొత్తం తూకాన్ని మూడు రకాలకూ ఉజ్జాయింపుగా పంచినట్టుంది. మీరు కావాలని చేశారని నేను అనడం లేదు. కానీ ఆ పంపకం భారం నా మీద పడింది.

రౌండ్ 47.2 కిలోలు 58 రూపాయల చొప్పున 2,737.60, స్క్వేర్ 33.2 కిలోలు 59 చొప్పున 1,958.80, కలిపి 4,696.40. దీని మీద 18 శాతం జీఎస్టీ 845.35. మొత్తం రూ. 5,541.75. మీకు ఇది చిన్న మొత్తమే కావచ్చు. నేను చెరువు రైతుకు టేబుల్ బరువు మీదే రేటు చెప్పి ఒప్పుకున్నాను, మధ్యలో పెంచి అడగలేను. ఈ డబ్బు మా కుర్రాళ్ల కూలీలోంచి పోవాలి, లేదా నా చేతిలోంచి పోవాలి.

బిల్లు మొత్తం రూ. 1,23,198లో వివాదం లేని రూ. 1,17,656 ఈ రోజే మీ ఖాతాకు పంపాను. మిగిలిన దానికి క్రెడిట్ నోట్ ఇప్పించండి. నగదు సర్దుబాటు వద్దు, జీఎస్టీ లెక్క ఇద్దరికీ తేడా వస్తుంది.

నా మాట మీద నమ్మకం కుదరకపోతే మీ మనిషిని పంపండి. 31 రౌండ్, 46 స్క్వేర్ రాడ్లు కోయకుండా, రంగు వేయకుండా పక్కన పెట్టాను. మీరు చెప్పిన సీలున్న కాటా మీదే, ఇద్దరి ముందూ, రకానికి రకం విడిగా తూయిద్దాం. మీ బరువు నిజమైతే ఆపిన డబ్బు అక్కడికక్కడే ఇస్తాను, తూకం ఖర్చు కూడా నాదే. వచ్చే బుధవారం దాటితే పని ఆగిపోతుంది, అప్పటికి ఈ రాడ్లు కోయక తప్పదు.

ఇకమీదట నా ఆర్డర్లకు ప్రతి రకాన్నీ విడిగా తూచి, ఖాళీ బండిని అదే రోజు తూచిన స్లిప్పు జత చేయండి. లేదంటే రాడ్ల సంఖ్య, పొడవు రాసి టేబుల్ బరువుకే బిల్లు వేయండి. రెంటిలో మీకు ఏది వీలైతే అది ఫోన్‌లో చెప్పండి, వచ్చే నెల పట్టీల ఆర్డరు దాన్నిబట్టే పెడతాను.

ఇట్లు,
సూర్యనారాయణ
వెల్డింగ్ వర్క్‌షాపు, ఉండి

జతపరచినవి: బిల్లు నకలు, వేబ్రిడ్జి స్లిప్పు నకలు, వెర్నియర్ కొలతల కాగితం, కాటా మీద మీటరు ముక్కల ఫొటోలు, బ్యాంకు చెల్లింపు రసీదు.