పై ఫ్లాటు బాత్రూం నుంచి స్లాబు ఉరుస్తున్న విషయమై ఓనర్ గారికి ఉత్తరం

హనుమకొండ,
19 జనవరి 2026

రాజన్న గారికి నమస్కారాలు.

నయీంనగర్‌లో మీ 203 ఫ్లాటులో కిరాయికి ఉంటున్న శ్రీలతను. డిసెంబరు 21న ఫోన్‌లో చెప్పిన నెమ్ము ఇప్పుడు మరక స్థాయి దాటిపోయింది. స్లాబుకే నష్టం మొదలైంది కాబట్టి అన్నీ రాతలో పెడుతున్నాను. ఫోటోలు, రెండు వీడియోలు ఇదే రోజు మీ వాట్సాప్‌కు పంపాను. ఒక్కోదాని కింద తేదీ వేసి ఉంది.

కామన్ బాత్రూం స్లాబు మీద, కమోడ్‌కు కుడి పక్కన మూడు అడుగుల పొడవు, రెండు అడుగుల వెడల్పున చెమ్మ ఉంది. దాని అంచంతా తెల్లటి ఉప్పు పేరుకుంది. వేలితో ముట్టుకుంటే పిండిలా రాలుతుంది. నడిమధ్య గిలాబు పెచ్చు ఊడి ఎనిమిది అంగుళాల మేర సలాక బయటపడింది, దానికి తుప్పు పట్టింది. చుట్టూ చీపురు కట్టెతో కొడితే ఇంకో అడుగు దాకా డొల్ల చప్పుడు వస్తోంది. అంటే ఆ భాగం కూడా వదిలింది, ఎప్పుడైనా పడొచ్చు. ఆ గోడకు అవతల పిల్లల బెడ్రూం. అక్కడ స్లాబు మూల నుంచి ఐదు అడుగుల కిందికి, నాలుగు అడుగుల వెడల్పున లప్పం ఉబ్బి పొరలు పొరలుగా లేస్తోంది. బీరువా వెనక నల్ల బూజు పట్టింది. బీరువాను గోడకు అడుగున్నర దూరం జరిపాను, మంచం హాల్లోకి తెచ్చాం.

అన్నిటికంటే ముందు మీకు తెలియాల్సింది కరెంటు సంగతి. ఆ తడి గోడలోనే స్విచ్‌బోర్డు, గీజర్ పాయింటు ఉన్నాయి. జనవరి 6న బోర్డు మూత మీద నీటి చుక్కలు కనబడగానే ఆ గది ఎంసీబీ, గీజర్ ఎంసీబీ రెండూ దించేశాను. గోడ ఆరాక ఎలక్ట్రీషియన్ మెగ్గర్ పెట్టి వైరింగ్ చూసేదాకా వాటిని ఎత్తము.

ఇది వాన నీళ్లు కాదు. వానలు పోయి ఎన్ని రోజులైందో మీకూ తెలుసు, పైగా మా మీద ఇంకో రెండు అంతస్తులున్నాయి. పై 303 వాళ్లు పొద్దున స్నానాలు చేశాక దాదాపు నలభై నిమిషాలకు చుక్కలు మొదలవుతాయి, మధ్యాహ్నానికి మందగిస్తాయి, రాత్రి మళ్లీ అంతే. కింద పెట్టిన బకెట్లో రోజుకు రెండు లీటర్ల పైచిలుకు పడుతోంది. నీళ్లకు సబ్బు వాసన ఉంది, మురుగు వాసన లేదు.

సంక్రాంతికి వాళ్లు 13న ఊరికి పోయి 17 సాయంత్రం వచ్చారు. నల్లాలకు నీళ్లిచ్చే వాల్వు మాత్రం తెరిచే ఉంది. పోయిన ఒకటిన్నర రోజుకు చుక్క పూర్తిగా ఆగింది, 17 రాత్రి స్నానాల తర్వాత మళ్లీ పడింది. నల్లా పైపు పగిలి ఉంటే ఇంట్లో మనుషులున్నా లేకున్నా ట్యాంకు ఒత్తిడికి కారుతూనే ఉండేది. కాబట్టి లోపం వాడిన నీళ్లు పోయే దారిలోనే ఉంది: నహనీ ట్రాప్ చుట్టూ జాయింటు గానీ, దాని నుంచి మోరీ పైపుకు పోయే ముక్క గానీ, టైల్స్ సందులు, వాటి కింది వాటర్‌ప్రూఫింగ్ గానీ. ఒకటిన్నర రోజు ఆలస్యంగా ఆగిందంటే పల్లపు స్లాబులో పోసిన మట్టి, ఇటుక ముక్కలు నీళ్లు తాగి నిండి ఉన్నాయన్నమాట.

వీటిలో ఏదో తేల్చకుండా టైల్స్ పగలగొట్టడం దండగ. ముందు ఆ బాత్రూం రెండు రోజులు వాడకుండా ఆపి, చుక్క పూర్తిగా ఆగాక పరీక్ష పెట్టాలి. నహనీ ట్రాప్‌ను ప్లాస్టిక్ కవర్‌లో చుట్టిన గుడ్డతో బిగించి, నేల మీద అంగుళం ఎత్తు రంగు నీళ్లు 24 గంటలు నిలపాలి. కింద రంగు దిగితే తప్పు నేలది. దిగకపోతే గుడ్డ తీసి ఆ నీళ్లను వదలాలి. అప్పుడు దిగితే తప్పు ట్రాప్‌ది, పైపుది. కమోడ్‌లో వేరే రంగు వేసి ఫ్లష్ చేసి అదీ చూడాలి. మట్టి గుండా దిగడానికి సమయం పడుతుంది కాబట్టి ప్రతి పరీక్ష తర్వాత ఒక రోజు ఆగాలి. కింద నేను గంటగంటకూ చూసి ఫోటో తీసి పెడతాను.

మీరు పంపిన మేస్త్రీ కింది నుంచి కెమికల్ పూసి లప్పం పెడితే సరిపోతుందన్నాడు. దయచేసి దానికి ఒప్పుకోకండి. పై నుంచి నీళ్లు తోస్తుంటే కింద పూత నిలవదు, ఒక దగ్గర మూస్తే నీళ్లు పక్కకు పారి ఇంకో గదిలో దిగుతాయి. సలాక కూడా లోపల తుప్పు పడుతూ ఉబ్బి కాంక్రీటును కిందికి తోస్తూనే ఉంటుంది.

నేలదే తప్పని తేలితే అక్కడ టైల్స్, పాత నింపుడు మట్టి తీసేయాలి. ట్రాప్ కొత్తది వేసి, మూలలు సిమెంటుతో గుండ్రంగా తీర్చి, వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు ఒకదానికొకటి అడ్డంగా వేయాలి. గోడల మీద కూడా అడుగు ఎత్తు రావాలి. అది ఆరాక 48 గంటలు నీళ్లు నిలిపి, కింద చుక్క లేదని చూశాకే టైల్స్ వేయాలి. చాలామంది మేస్త్రీలు ఈ పరీక్ష ఎగ్గొడతారు, తర్వాత మళ్లీ తవ్వాల్సి వస్తుంది. ఆరు బై ఐదు బాత్రూంకు ఎనిమిది నుంచి పది రోజుల పని. మా ప్లంబర్ నోటి లెక్క 35 నుంచి 40 వేలు.

మా వైపు పని దాని తర్వాతే. చెమ్మ అంచు దాటి ఇంకో అడుగు దాకా గిలాబు కొట్టి, సలాక తుప్పు వైరు బ్రష్‌తో గీకి, తుప్పు ఆపే పూత వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. ఒక సివిల్ ఇంజినీర్ ఆ సలాకను ఒకసారి చూస్తే మంచిది. గోడ నాలుగు నుంచి ఆరు వారాలు ఆరాకే లప్పం, రంగు. ముందే వేస్తే ఉగాదికల్లా మళ్లీ పొక్కుతుంది.

303లో ఉన్నవాళ్లూ కిరాయికే ఉన్నారు, మంచివాళ్లు. పరీక్షకు సరేనన్నారు, రెండో బాత్రూం వాడుకుంటామన్నారు. కానీ టైల్స్ తీయాలంటే వాళ్ల ఓనర్ ఒప్పుకోవాలి. ఆయన నా ఫోన్‌కు పలకడం లేదు. ఓనర్‌కు ఓనర్‌గా మీరే మాట్లాడాలి, అవసరమైతే అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లను కూర్చోబెట్టండి. 28 నుంచి 31 దాకా మేడారం జాతర, ఆ వారం వరంగల్‌లో మేస్త్రీ గానీ కూలీ గానీ దొరకరు. అందుకే 26 లోపు పరీక్ష ముగించి, ఫిబ్రవరి 2 సోమవారం పని మొదలుపెట్టిద్దాం. మీరు ఊఁ అంటే ప్లంబర్‌ను రేపే పిలుస్తాను.

జనవరి కిరాయి 11,000 పూర్తిగా పంపాను. ఒక గది మూసుకుని ఉంటున్నాం కాబట్టి ఫిబ్రవరి నుంచి ఆ గది వాడుకలోకి వచ్చేదాకా నెలకు 1,500 తగ్గించమని అడుగుతున్నాను. మన అగ్రిమెంటు 7వ షరతు ప్రకారం స్లాబు, గోడలు, పైపుల పెద్ద రిపేర్లు మీవి. ఆస్తి బదిలీ చట్టం, 1882లోని 108వ సెక్షన్ ప్రకారం, ఓనర్ చేయించాల్సిన రిపేరు నోటీసు ఇచ్చాక తగిన సమయంలో కాకపోతే కిరాయిదారే చేయించుకుని ఖర్చును కిరాయిలో పట్టుకోవచ్చు. ఈ ఉత్తరాన్ని ఆ నోటీసుగా తీసుకోండి. మీతో గొడవ పెట్టుకోవాలని కాదు, నాలుగేళ్లలో మీరు మమ్మల్ని పరాయివాళ్లలా చూడలేదు. కానీ ఆ సలాక కిందే రోజూ పిల్లలు మొహం కడుక్కునేవాళ్లు. ఇప్పుడు ఆ బాత్రూంకు తాళం వేశాం.

వీలైనంత తొందరగా మీ జవాబు కోసం చూస్తాను. కరీంనగర్ నుంచి మీరే ఒకసారి వచ్చి చూస్తానంటే ఏ రోజైనా సాయంత్రం ఐదు తర్వాత ఇంట్లోనే ఉంటాను. పెద్దమ్మను అడిగానని చెప్పండి.

ఇట్లు,
శ్రీలత
ఫ్లాటు 203

జతచేసినవి: ఫోటోలు 14, వీడియోలు 2, జనవరి 6 నుంచి 18 దాకా బకెట్ కొలతలు రాసిన కాగితం, అగ్రిమెంటు 3వ పేజీ జిరాక్స్.